కుదురుగా కూర్చోలేని పిల్లాడికి ఇంట్లో కటింగ్: చెవులతో మొదలుపెట్టి, ఎక్కడ ఆపినా సగం క్రాపులా కనిపించకుండా

కదిరిలో పుట్టు వెంట్రుకలు తీయించి ఆరేడు నెలలు అయ్యేసరికి జుట్టు మళ్లీ కళ్ల మీదికి వస్తుంది. షాపుకు తీసుకుపోతే కుర్చీ ఎక్కకముందే ఏడుపు. ఇద్దరు పట్టుకోవాలి, ఒకరు తల వంచాలి. ఇంటికొచ్చాక కూడా పిల్లాడు దువ్వెన చూస్తే పరుగెత్తుతాడు. అనంతపురంలో మా వీధిలో ఉన్న తల్లులు నన్ను ఎక్కువగా అడిగేది ఈ వయసు పిల్లల గురించే. నేను మా ఇద్దరు పిల్లలకూ, తాడిపత్రి నుంచి వచ్చే మా అక్క కొడుక్కీ ఇంట్లోనే కటింగ్ చేస్తాను. ఇక్కడ రాసేది 2 నుంచి 4 ఏళ్ల పిల్లలకు, కత్తెరతో చేసే మామూలు పొట్టి క్రాపు గురించి మాత్రమే.

మొత్తం పద్ధతికి ఆధారం ఒకటే. పిల్లాడి ఓపిక ఎప్పుడు అయిపోతుందో మనకు తెలియదు. కాబట్టి ఏ భాగం తర్వాత ఆపేసినా తల చూడ్డానికి బాగుండేలా వరుస పెట్టుకోవాలి. ఒకే కూర్చోబెట్టులో అంతా అయిపోవాలని అనుకోకండి.

1. ఎందుకు కదులుతాడో ముందు చూడండి

ఏడ్చే పిల్లలందరూ ఒకే కారణానికి ఏడవరు. మా పెద్దవాడికి చెవి దగ్గర కత్తెర చప్పుడు పడేది కాదు. చిన్నదానికి మెడ మీద వెంట్రుకలు గుచ్చుకుంటే చాలు, లేచి నిలబడేది. అక్క కొడుక్కి అసలు బాధ మెడ చుట్టూ గుడ్డ కట్టడం. గుడ్డ తీసేస్తే సగం ఏడుపు ఆగిపోయింది.

కటింగ్‌కు రెండు మూడు రోజుల ముందు ఒక్కొక్కటీ విడిగా చేసి చూడండి:

- తడి దువ్వెనతో దువ్వితే ఊరుకుంటున్నాడా?
- చెవి వెనక వేలితో తాకితే తల లాక్కుంటున్నాడా?
- మెడ చుట్టూ తువ్వాలు కప్పితే లాగి పడేస్తున్నాడా?
- వెనకాల కాగితం కత్తిరిస్తే ఆ చప్పుడుకు ఉలిక్కిపడుతున్నాడా?

దేనికి భయపడుతున్నాడో తెలిస్తే ఆ ఒక్కదాన్నే అలవాటు చేయాలి. చప్పుడుకు భయపడే పిల్లాడికి రోజూ స్నానం తర్వాత దువ్వుతూ, చెవికి జానెడు దూరంలో కత్తెరను ఊరికే గాలిలో నాలుగుసార్లు ఆడించండి. వెంట్రుక ఒక్కటీ కత్తిరించకండి. మూడో రోజుకు ఆ చప్పుడు దువ్వడంలో భాగం అయిపోతుంది. నీళ్లంటే భయపడే పిల్లాడి చేతికే స్ప్రే బాటిల్ ఇచ్చి తులసి చెట్టుకు కొట్టించండి.

ఇంకో మాట. ఇంట్లో పెద్దవాళ్లు ముద్దుకు "కదిలితే చెవి కోసేస్తా" అంటుంటారు. పిల్లాడు దాన్ని నిజమనే నమ్ముతాడు. ఆ మాట ఎవరూ అనొద్దని ముందే చెప్పండి. నేనైతే "కత్తిరిద్దాం" అని కూడా అనను, "కళ్ల మీదికి వచ్చే జుట్టు పొట్టి చేద్దాం" అంటాను.

2. సామాన్లు

ఇంట్లో కూరగాయల కవర్లు కోసే కత్తెర పనికిరాదు. అది వెంట్రుకను కోయదు, నలిపి లాగుతుంది. ఆ లాగుడు నొప్పికే పిల్లాడు ఎగిరిపడతాడు. జుట్టు కత్తిరించే కత్తెరే కొనాలి. 5 అంగుళాల లోపుది, మొనలు గుండ్రంగా ఉన్నది అయితే చెవుల దగ్గర ధైర్యంగా ఉంటుంది. దాన్ని జుట్టుకు తప్ప దేనికీ వాడకూడదు. ఒక్కసారి కాగితం కోసినా పదును పోతుంది, అందుకే చప్పుడు అలవాటు చేయడానికి వేరే కత్తెర వాడండి.

పదును చూడాలంటే మీ జుట్టులోంచి నాలుగు వెంట్రుకలు తడిపి కత్తెర మొనతో కోయండి. ఒకే దెబ్బకు తెగాలి. వంగి రెండు అంచుల మధ్య ఇరుక్కుంటే ఆ రోజు కటింగ్ వద్దు.

- కత్తెర, డెట్టాల్ లాంటిదానితో తుడిచి ఆరబెట్టినది
- ఒకవైపు సన్న పళ్లు, ఒకవైపు వెడల్పు పళ్లు ఉన్న దువ్వెన
- గిన్నెలో గోరువెచ్చని నీళ్లు
- రెండు జుట్టు క్లిప్పులు
- నాన్న పాత చొక్కా ఒకటి
- మెత్తటి పొడి గుడ్డ రెండు
- నేల మీద పరవడానికి పాత దుప్పటి

మెడకు కట్టే గుడ్డ బదులు నాన్న చొక్కాను వెనక్కి తిప్పి తొడగండి, గుండీలు వీపు వైపు వస్తాయి. చేతులు బయట ఉంటాయి కాబట్టి కట్టేసినట్టు అనిపించదు. నూలు చొక్కా కంటే జారుగా ఉండే పాలిస్టర్ చొక్కా మేలు. నూలుకు వెంట్రుకలు అతుక్కుంటాయి, దీని మీద నుంచి జారిపోతాయి. పేపర్లు పరిస్తే మాత్రం కాళ్లు జారతాయి, అందుకే దుప్పటి చెప్పాను.

3. రోజు, వేళ, చోటు

మంగళవారం, శుక్రవారం, పిల్లాడు పుట్టిన వారం వద్దనే ఇళ్లు మనవైపు చాలా ఉన్నాయి. మీరు పాటించినా పాటించకపోయినా, అవ్వతో తాతతో ఆ మాట ముందు రోజే తేల్చుకోండి. కత్తెర చేతిలో ఉండగా పెద్దల మధ్య మాట పెరిగితే పిల్లాడు ఇక కూర్చోడు.

వేళ విషయంలో నేను పట్టుబడతాను. ఎండాకాలంలో ఉదయం 8 లోపే చేయాలి. చెమట పట్టిందంటే తెగిన ప్రతి వెంట్రుకా మెడకు అతుక్కుంటుంది, గోక్కుంటాడు, కదులుతాడు. ఫ్యాన్ గట్టిగా పెడితే వెంట్రుకలు కళ్లలోకి ఎగురుతాయి, కాబట్టి చిన్నగా తిరిగేలా పెట్టండి. కడుపు నిండి, నిద్ర తీరి ఉండాలి. నిద్ర వేళకు ముందు గంట అసలు మొదలుపెట్టకూడదు.

ముందు రోజు నూనె రాయకండి. నూనె జుట్టు గుత్తులు గుత్తులుగా అంటుకుని పొడుగు సరిగా తెలియదు. అప్పటికే ఉంటే శీకాయతోనో షాంపూతోనో తలంటి, తువ్వాలుతో ఒత్తి, కాస్త ఆరనివ్వండి. నీళ్లు కారకూడదు, చేత్తో ముట్టుకుంటే తేమ తెలియాలి. తడి జుట్టు సాగుతుంది, ఆరాక పైకి లేస్తుంది. అందుకని తడిమీద మీరు అనుకున్నదాని కంటే అర అంగుళం పొడుగు వదలాలి. ఉంగరాల జుట్టయితే ఇంకొంచెం ఎక్కువే వదలండి.

తలలో సెగగడ్డలు, పుండ్లు, తామర లాంటివి కనిపిస్తే ఆ వారం మానేయండి. జ్వరం ఉన్నా అంతే.

4. పట్టుకునేది ఎలా

ఇద్దరు కావాలి. ఒకరు కూర్చుని ఒళ్లో పెట్టుకోవాలి, ఒకరు కత్తిరించాలి. ఒళ్లో పెట్టుకునేవాళ్లు పిల్లాడు ఎక్కువగా అతుక్కునే మనిషి అయి ఉండాలి. మా అక్క కొడుకు విషయంలో అది వాళ్లమ్మ కాదు, వాళ్ల తాత.

తలను రెండు చేతులతో బిగించి పట్టుకోకూడదు. బిగించేకొద్దీ విడిపించుకోవాలని ఇంకా గట్టిగా ఊగుతాడు, ఆ ఊపులో కత్తెర ఎక్కడ తగులుతుందో చెప్పలేం. పట్టు ఇలా ఉండాలి:

- చెవుల దగ్గర చేసేటప్పుడు: పిల్లాడు ఒళ్లో అడ్డంగా కూర్చుని, ఒక చెంపను పెద్దవాళ్ల రొమ్ముకు ఆనించాలి. పైకి ఉన్న చెవి వైపు మనం పని చేస్తాం. ఆనుకున్న తల అటువైపు పోలేదు.
- మెడ వెనక చేసేటప్పుడు: ఎదురెదురుగా హత్తుకుని, గడ్డం పెద్దవాళ్ల భుజం మీద పెట్టాలి.
- ముందు, పైన చేసేటప్పుడు: మామూలుగా ఒళ్లో, మన వైపు చూస్తూ.

5. చూపు ఎటు ఉంటే తల అటు ఉంటుంది

"తల వంచు నాయనా" అని పదిసార్లు అనే బదులు, చూసే వస్తువును కింద పెట్టండి. రెండేళ్ల పిల్లాడి తలను తిప్పేది వాడి చూపే. నాకు ఈ సంగతి అర్థమయ్యాకే ఇంట్లో కటింగ్ సులువైంది.

మెడ వెనక కత్తిరించాలంటే వస్తువు చూపుకు కింద ఉండాలి. పళ్లెంలో నీళ్లు పోసి రెండు చిన్న బొమ్మలు తేలేయండి. పైన కత్తిరించాలంటే కంటికి ఎదురుగా ఉండాలి. చెవి దగ్గరయితే ఎవరూ ఏమీ ఊపకూడదు, పక్కన ఏదన్నా కదిలితే అటు తిరుగుతాడు. అప్పుడు చేతిలో పట్టుకునేది ఇవ్వండి, మూత తీసి పెట్టే డబ్బా లాంటిది.

ఫోన్ చూపిస్తే తప్పు లేదు. కానీ పిల్లాడి చేతికి ఇస్తే ఫోన్‌తో పాటు తలా తిరుగుతుంది. ఎదురుగా గోడకో చెంబుకో ఆనించి కదలకుండా పెట్టండి. వాడు ఎప్పుడూ చూసే పాట పెట్టండి. కొత్తదయితే లేచి ఎగురుతాడు, తెలిసినదయితే కళ్లు అప్పగించి చూస్తాడు.

సబ్బు బుడగలు మధ్య మధ్య విరామంలో బాగుంటాయి. కత్తెర ఆడుతున్నప్పుడు వద్దు, పట్టుకోవడానికి చేతులు చాపి ముందుకు దూకుతాడు.

తినేవాటి గురించి గట్టిగానే చెప్తాను. మనవైపు ఊరుకోబెట్టడానికి చేతిలో శెనక్కాయలో, బొరుగులో పోస్తారు. ఈ వయసులో ఏడుస్తూ, తల వంచుతూ శెనగ్గింజ నములుతుంటే అది గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. వెంట్రుకలు కూడా నోట్లోకి పోతాయి. కటింగ్ ముందు తినిపించండి, ఆపిన తర్వాత తినిపించండి, మధ్యలో మాత్రం ఏదీ వద్దు.

6. కత్తెర పట్టడం, తెరవడం, మూయడం

కత్తిరించే ముందు ఈ మూడు అలవాట్లు చేతికి రావాలి. ఒకరోజు ముందు పాత బొమ్మ జుట్టు మీదనో, చీర కుచ్చు మీదనో సాధన చేయండి.

మొదటిది: ఎడమ చెయ్యి ఎప్పుడూ పిల్లాడి తలను ఆనుకునే ఉండాలి. తల కదిలితే చెయ్యి కూడా దాంతో పాటే పోతుంది. కత్తెర పట్టిన చేతి చిటికెన వేలిని కూడా తలకో చెంపకో ఆనించండి.

రెండోది: చర్మానికీ కత్తెరకూ మధ్య ఎప్పుడూ ఏదో ఒకటి అడ్డం ఉండాలి. పైన, ముందు అయితే మన రెండు వేళ్లు. చూపుడు వేలు, మధ్య వేలు మధ్య పాయను పట్టుకుని, వేళ్లకు బయటివైపు కోయాలి. చెవి, మెడ దగ్గర అయితే దువ్వెన. దువ్వెన పళ్ల మీదికి జుట్టు ఎత్తి, దువ్వెనకు బయటివైపు కోయాలి.

మూడోది: ఒక కోత కాగానే కత్తెర మూసేయాలి. బొటనవేలు తీసేసి అరచేతిలో ముడుచుకోవాలి. తెరిచిన కత్తెరతో దువ్వడం, మాట్లాడడం, దిక్కులు చూడడం వద్దు. పిల్లాడు కదిలిన క్షణంలో కత్తెర మూసి ఉంటే ఏమీ కాదు.

పొడవైన కోతలు వద్దు. కత్తెర మొన దగ్గర అంగుళం మాత్రమే వాడుతూ చిన్న చిన్న కోతలు కోయండి. వాడు నిశ్శబ్దంగా ఉన్న రెండు సెకన్లలో ఒక కోత. ఊగుతుంటే ఆగండి.

7. కత్తిరించే వరుస

ఎక్కువ నిలకడ కావలసిన భాగం ముందు, కదిలినా పరవాలేని భాగం చివర. మా అక్క కొడుక్కి చేసినప్పుడు వయసు 2 ఏళ్ల 8 నెలలు. గుండు చేయించి 7 నెలలు. వెంట్రుక నెలకు సుమారు సెంటీమీటరుంపావు పెరుగుతుంది, అందువల్ల అప్పటికి మూడంగుళాలకు పైనే ఉంది. ఉదయం ఏడున్నరకు తాత ఒళ్లో కూర్చోబెట్టాం.

7.1 రెండు చెవులు

చెవి మీద జుట్టు కిందికి దువ్వండి. ఎడమ చేతి వేలితో చెవి పైభాగాన్ని మెల్లగా కిందికి మడిచి, అదే చేత్తో కప్పి ఉంచండి. చెవి ముందు చెంప జుట్టు దగ్గర మొదలుపెట్టి, చెవి మీదుగా, వెనక్కి పోవాలి. దువ్వెన పళ్లను చర్మానికి ఆనించి జుట్టును బయటికి ఎత్తి, దువ్వెన వెంబడి కోయాలి. చెవి మీద అర అంగుళం జాగా కనిపిస్తే చాలు. ఒక్కో చెవికి ఐదారు కోతలు.

ఒక చెవి అయ్యాక ఎంత మారాం చేసినా రెండోది కూడా చేసేయాలి. విరామం ఇవ్వాల్సి వస్తే ఇవ్వండి, కానీ ఆ పూటే ముగించండి. ఒక్కవైపే కత్తిరించిన తల దూరం నుంచే తెలుస్తుంది.

మావాడు మొదటి చెవికి కదల్లేదు. రెండో చెవికి తాత ఇటు నుంచి అటు తిప్పగానే "వద్దు చిన్నమ్మా" అని చేత్తో చెవి మూసుకున్నాడు. నేను కత్తెర కింద పెట్టి, "సరే, నువ్వే చెవి పట్టుకో" అన్నాను. వాడి చేతినే చెవి మీద ఉంచి, దాని మీద నా అరచెయ్యి కప్పి పైజుట్టు కత్తిరించాను. తర్వాత కూడా చాలాసార్లు అలాగే చేశాం. కప్పే పని వాడిదైతే భయం తగ్గుతుంది, వాడి వేళ్లు మన అరచేతి కింద భద్రంగా ఉంటాయి. మీ అరచెయ్యి వాడి వేళ్లను పూర్తిగా కప్పిందా లేదా అని ప్రతి కోతకు ముందు చూసుకోండి.

ఇక్కడ ఆపినా పరవాలేదు.

7.2 ముందు జుట్టు

నుదుటి జుట్టును చెవుల తర్వాతే ఎందుకంటే, ముఖం మీద వెంట్రుకలు పడగానే చాలామంది పిల్లలు చిరాకుపడతారు. ఆ చిరాకు మొదలయ్యాక చెవి దగ్గరికి పోలేం.

నడినెత్తి మీద నుంచి రెండు కనుబొమల చివర్ల వరకు వచ్చే త్రికోణం జుట్టును మాత్రమే ముందుకు దువ్వండి. మిగతాది క్లిప్పుతో వెనక్కి పెట్టండి. ఈ త్రికోణాన్ని కనుబొమల కంటే వెడల్పు తీసుకుంటే ముఖం చుట్టూ గిన్నె బోర్లించినట్టు వస్తుంది, చాలామంది చేసే పొరపాటు అదే.

మధ్య పాయను వేళ్ల మధ్య పట్టి, నుదుటి నుంచి రెండు అంగుళాలు ముందుకు ఎత్తండి. లాగకండి, బిగువు లేకుండా పట్టుకుంటే చాలు. తడిమీద కనుబొమల వరకు వచ్చే పొడుగు చూసుకుని వేళ్లకు బయట కోయండి. ఆరాక అది నుదుటి మధ్యకు లేస్తుంది. పక్క పాయల్ని మధ్య పాయతో కలిపి పట్టుకుని అదే పొడుగుకు కోయండి. కత్తెర మొన పక్కకు ఉండాలి, ఎప్పుడూ కళ్ల వైపు కాదు. కోస్తున్నప్పుడు "ఊఁ, దీపం ఊదు" అంటే పెదవులు ముందుకు పెట్టి, కళ్లు చిన్నవి చేసి ఊదుతాడు. ముఖం మీద పడిన వెంట్రుకలూ పోతాయి.

ముఖాన్ని వెంటనే పొడి గుడ్డతో తుడవండి. తడి గుడ్డతో తుడిస్తే వెంట్రుకలు ఇంకా అతుక్కుంటాయి.

మావాడికి ఇక్కడి వరకు 9 నిమిషాలు పట్టింది. అప్పటికి కాళ్లు తన్నడం మొదలైంది. ఇంకొక్క నిమిషం అని లాగకుండా చొక్కా విప్పేశాం. వాడు ఆ రోజంతా అలాగే ఆడుకున్నాడు, చూసినవాళ్లు ఎవరూ సగం కటింగ్ అనుకోలేదు.

7.3 మెడ వెనక

మర్నాడు ఉదయం చేశాం. తాత భుజం మీద గడ్డం, తాత వెనక స్టూలు మీద నీళ్ల పళ్లెం. వాడు తేలే బొమ్మల్ని చూస్తూ తనంతట తానే తల వంచాడు.

జుట్టు నిటారుగా కిందికి దువ్వి, ముందు మధ్యలో ఒక కోత కోసి పొడుగు నిర్ణయించుకోండి. తర్వాత మధ్య నుంచి కుడికి, మళ్లీ మధ్య నుంచి ఎడమకు. ఒక చివర నుంచి మరో చివరకు కోసుకుంటూ పోతే గీత వాలుగా వస్తుంది. దువ్వెనను మెడకు ఆనించి, కింది నుంచి పైకి మెల్లగా జరుపుతూ పళ్లకు బయట పడిన జుట్టును కోయండి. మెడ మీద నూగు జుట్టు అలాగే వదిలేయండి. దాని కోసం బ్లేడు పట్టుకోవద్దు.

7.4 పైజుట్టు

ఇది సులువు. పిల్లాడు బొమ్మలతో ఆడుతూ ఉన్నా చేయొచ్చు. ముందు కత్తిరించిన పాయ దగ్గర మొదలుపెట్టి నడినెత్తి వైపు పోవాలి. ప్రతి కొత్త పాయతో పాటు పాత పాయలోంచి నాలుగు వెంట్రుకలు కలిపి పట్టుకుంటే, ఎంత పొడుగు ఉంచాలో అవే చూపిస్తాయి. రెండు వేళ్ల వెడల్పు అంత మిగిల్చితే ఈ వయసుకు బాగుంటుంది.

సుడి దగ్గర మాత్రం అరవేలు ఎక్కువ వదలండి. అక్కడ వెంట్రుకలు గుండ్రంగా తిరిగి మొలుస్తాయి కాబట్టి పొట్టిగా కోస్తే కుచ్చులా లేచి నిలబడతాయి. రెండు సుడులు ఉన్న పిల్లలకయితే ఆ భాగాన్ని ఒక నెల అలాగే వదిలి, జుట్టు ఎటు పడుతుందో చూసి తర్వాత సరిచేయండి.

8. నిద్రలో చేయొచ్చా?

చాలామంది చేస్తారు. చెవి, నుదురు, మెడ దగ్గర నేను వద్దంటాను. నిద్రలో ఉన్న పిల్లాడు ఏ సూచనా లేకుండా ఒక్కసారిగా పక్కకు తిరుగుతాడు, కత్తెర మూసేంత వ్యవధి దొరకదు. లేచి కత్తెర చూస్తే తర్వాత మీ పక్కన నిద్రపోవడానికే భయపడొచ్చు. పైన లేచి నిలబడిన ఒకటి రెండు పాయలు తీయడం వరకే పరవాలేదు.

9. ట్రిమ్మర్ ఉంటే

మొదటి కటింగ్‌కు వద్దు, చప్పుడూ వణుకూ రెండూ ఉంటాయి. అలవాటయ్యాక పక్కలకు, మెడకు బాగా పనికొస్తుంది.

- జుట్టు పూర్తిగా ఆరి ఉండాలి, నూనె ఉండకూడదు.
- బ్లేడు మీద తొడిగే దువ్వెన లాంటి గార్డుల్లో పెద్దదానితో మొదలుపెట్టండి, 12 మిల్లీమీటర్లది అయితే మంచిది. ఎక్కువ అనిపిస్తే 9కి దిగండి.
- గార్డు బిగిసిందో లేదో ప్రతిసారీ వేలితో లాగి చూడండి. మధ్యలో ఊడితే ఒక్క క్షణంలో తల మీద తెల్లటి మచ్చ పడుతుంది.
- మెడ నుంచి పైకి, జుట్టు మొలిచిన దిక్కుకు ఎదురుగా నడపండి.
- రెండు మూడు నిమిషాలకోసారి బ్లేడును మీ మణికట్టు లోపలివైపు ఆనించండి. వేడిగా ఉంటే ఆపి చల్లారనివ్వండి. ట్రిమ్మర్ పెట్టగానే అరిచే పిల్లల్లో కొందరు అరిచేది ఈ వేడికే.

10. తప్పు జరిగితే

ముందు జుట్టు మరీ పొట్టి అయింది: ఇంకా సమం చేయాలని కోయకండి. సమం చేసిన ప్రతిసారీ ఇంకొంచెం పోతుంది. కత్తెరను ఏటవాలుగా పట్టి చివర్లలో అక్కడక్కడా చిన్న గాట్లు పెడితే గీత మెత్తబడి తేడా కనిపించదు. మిగతాది నెలకల్లా పెరుగుతుంది.

పక్కలో మెట్టులా గీత పడింది: జుట్టు ఆరాక దువ్వెనను ఆ గీత కింద పెట్టి, పళ్లకు బయటికి వచ్చిన కొసలు మాత్రమే తీసేయండి. మెట్టు పైభాగాన్ని తగ్గించాలి, కిందిదాన్ని ముట్టుకోకూడదు.

రెండు వైపులా సమంగా లేదు: ఎదురుగా కూర్చుని రెండు కణతల దగ్గరా ఒకేసారి చెరో పాయ పట్టి చివరి వరకు వేళ్లు జార్చండి. ఏ చెయ్యి ముందు జారిపోతే అటు పొట్టి. పొడుగు వైపే సరిచేయాలి. కంటితో చూసి నిర్ణయించకండి, పిల్లాడి తల వంగి ఉంటే కన్ను పొరబడుతుంది.

ఎక్కడో గుండులా మచ్చ పడింది: చుట్టూ ఉన్న జుట్టును దాని మీదికి దువ్వి కనిపించకుండా పొడుగు వదలండి.

11. చర్మం తెగితే

చెవి అంచు చిన్నగా తెగినా రక్తం ఎక్కువగా కనిపిస్తుంది. భయపడి కేక వేయకండి, పిల్లాడు మీ ముఖమే చూస్తుంటాడు. శుభ్రమైన గుడ్డతో 10 నిమిషాలు వదలకుండా ఒత్తి పట్టండి. నిమిషానికోసారి తీసి చూస్తే గడ్డకట్టేది మళ్లీ ఊడుతుంది. రక్తం ఆగాక సబ్బునీళ్లతో మెల్లగా కడగండి. కాఫీ పొడి, పసుపు, సున్నం పెట్టొద్దు. వాటి వల్ల గాయం లోపల మురికి చేరుతుంది, డాక్టరుకు గాయం ఎంత లోతో కనిపించదు.

10 నిమిషాలు ఒత్తినా ఆగకపోతే, గాయం నోరు తెరుచుకున్నట్టు ఉంటే, ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. టీకాల కార్డు వెంట ఉంచుకోండి, ధనుర్వాతం టీకా ఎప్పుడు పడిందో అడుగుతారు.

కంట్లో వెంట్రుక పడితే రుద్దనివ్వకండి. తల పక్కకు వంచి, ముక్కు వైపు నుంచి బయటికి శుభ్రమైన నీళ్లు మెల్లగా పోయండి.

12. అయిపోయాక

ముందు పొడి గుడ్డతో మెడ, చెవుల వెనక, చంకలు దులపండి. చొక్కాను లోపలికి మడిచి తీయండి, తలమీదుగా లాగితే వెంట్రుకలన్నీ ముఖం మీద పడతాయి. తర్వాత నీళ్లు పోయండి. స్నానం అయ్యాక వేసే బట్టలు వేరే గదిలో పెట్టుకోండి.

జుట్టు పూర్తిగా ఆరాక, పడుకున్న దిక్కుకు ఎదురుగా దువ్వి చూడండి. తప్పిపోయిన పొడుగు వెంట్రుకలు అప్పుడే పైకి లేస్తాయి. వాటిని అప్పుడే తీయాల్సిన పని లేదు, రేపు అన్నం తిన్నాక రెండు కోతలు చాలు.

కత్తెరను పొడిగా తుడిచి, కీలు దగ్గర ఒక చుక్క కుట్టుమిషను నూనె వేసి, పిల్లలకు అందని చోట పెట్టండి. మళ్లీ చెవుల మీదికి జుట్టు రావడానికి నెలన్నర పడుతుంది. ఈలోగా రోజూ దువ్వేటప్పుడు చెవిని ఒకసారి మడిచి వదలడం మానకండి. మా అక్క ఆ పని ఇప్పటికీ చేస్తోంది. పోయినసారి తాడిపత్రి నుంచి వచ్చినప్పుడు, నేను దువ్వెన తీయగానే వాడే వచ్చి తాత ఒళ్లో అడ్డంగా కూర్చుని, చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు.